4.5 లక్షల బెంగళూరు ఆఫరా, 2.78 లక్షల రేణిగుంట ఆఫరా? శుక్రవారం లోపల చెప్పాలి

కాళహస్తి_ఈసీఈ

ఈ ఏడాదే ఈసీఈ పూర్తయింది. మాది శ్రీకాళహస్తి. చేతిలో రెండు ఆఫర్లున్నాయి, శుక్రవారం లోపల ఏదో ఒకదానికి ఒప్పుకుంటూ మెయిల్ పెట్టాలి.

మొదటిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ సర్వీసెస్ కంపెనీ. సీటీసీ 4.5 లక్షలు, రెండేళ్ల బాండ్. రెండోది రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ ప్లాంటు. గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీ, సీటీసీ 2.78 లక్షలు, బాండ్ లేదు. కంపెనీ బస్సు మా ఊరి దాకా వస్తుంది, షిఫ్టులో భోజనం క్యాంటీన్‌లోనే.

నాన్న బెంగళూరు అంటున్నారు. మామయ్య అయితే "నాలుగున్నరా రెండు డెబ్బై ఎనిమిదా అని అడగడమేంటి, లెక్క రాదా" అన్నాడు. అమ్మ మాత్రం రేణిగుంట అంటోంది, సాయంత్రానికి ఇల్లు చేరతానని. నాకైతే రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఇలాంటి చోట్ల పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పుంగనూరు_పిల్లోడు

బెంగళూరే. ఇందులో ఆలోచించేది ఏముంది?

బెంగళూరు_చిత్తూరోడు

నేనూ బెంగళూరు అనే అంటాను, కానీ మామయ్య చెప్పిన లెక్క కోసం కాదు. ఒకసారి ప్లాంటులో చేరి రెండేళ్లు గడిచాక సాఫ్ట్‌వేర్‌కి రావాలంటే చాలా కష్టం. ఫ్రెషర్ డ్రైవ్‌లన్నిటికీ పాసైన సంవత్సరం అడుగుతారు, దాంతో నువ్వు అందులోకి రావు. ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్ల కింద తీసుకుందామా అంటే వాళ్లకు కావాల్సిన ఎక్స్‌పీరియన్స్ నీ దగ్గర ఉండదు. మా రూమ్‌మేట్ శ్రీసిటీలో రెండున్నరేళ్లు చేసి వచ్చాడు, మళ్లీ కోర్సు చేసి, ఎనిమిది నెలలు ఖాళీగా ఉండి, చివరికి నాకన్నా తక్కువకు చేరాడు.

పేరోల్_పద్మ

పదకొండేళ్లుగా జీతాల లెక్కలు చూసేదే నా పని. సీటీసీ అంకె చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు చెల్లీ. ఆఫర్ లెటర్ చివర అనెగ్జర్ అని ఒక పేజీ ఉంటుంది, బేసిక్, హెచ్‌ఆర్‌ఏ అని విడగొట్టి. కంపెనీ పేర్లు తీసేసి రెండు పేజీలూ ఇక్కడ పెట్టు. దాంతోపాటు బాండ్ గురించి, నోటీసు పీరియడ్ గురించి రాసిన వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు పెట్టు.

కాళహస్తి_ఈసీఈ

పెడుతున్నా అక్కా.

బెంగళూరు (సంవత్సరానికి):
బేసిక్ 1,80,000
హెచ్‌ఆర్‌ఏ 72,000
స్పెషల్ అలవెన్స్ 54,000
కంపెనీ కట్టే పీఎఫ్ 21,600
గ్రాట్యుటీ 8,658
ఇన్సూరెన్స్ 8,742
వేరియబుల్ పే 45,000
రిటెన్షన్ బోనస్ 60,000
మొత్తం 4,50,000

కింద ఇలా ఉంది: మొదటి మూడు నెలలు ట్రైనింగ్, నెలకు 15,000 స్టైపెండ్. ట్రైనింగ్ పూర్తయిన తేదీ నుంచి 24 నెలలు పనిచేయాలి, మధ్యలో మానేస్తే ట్రైనింగ్ ఖర్చు కింద 1,50,000 కట్టాలి. నోటీసు 90 రోజులు. రిటెన్షన్ బోనస్ 24 నెలలు పూర్తయ్యాక. హోదా "అసోసియేట్ – ఆపరేషన్స్".

రేణిగుంట (నెలకు): బేసిక్ 15,000, హెచ్‌ఆర్‌ఏ 5,000, కంపెనీ పీఎఫ్ 1,800, కంపెనీ ఈఎస్ఐ 650. వీటికి ఏడాదికి గ్రాట్యుటీ 8,658 కలిపితే 2,78,058. నోటీసు 30 రోజులు. షిఫ్టులు మారుతుంటాయి.

పేరోల్_పద్మ

ఇప్పుడు మాట్లాడుకోవచ్చు.

బెంగళూరు పేజీలో పై మూడు లైన్లే నీకు నెలనెలా వచ్చేవి. మూడూ కలిపితే 3,06,000, అంటే నెలకు 25,500. అందులో నీ వాటా పీఎఫ్ 1,800 పోతుంది. కర్ణాటకలో జీతం 25,000 దాటితే వృత్తి పన్ను 200. చేతికి వచ్చేది 23,500.

మిగతా లైన్లలో కంపెనీ పీఎఫ్ నీదే, కానీ ఇప్పుడు చేతికి రాదు. గ్రాట్యుటీ అంటే బేసిక్‌లో 4.81 శాతం. పర్మనెంట్ ఉద్యోగంలో అయిదేళ్లు నిండితేనే ఇస్తారు, రెండేళ్లకు మానేసేవాళ్లకు అది కాగితం మీది అంకె. ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టుకుంటుంది. వేరియబుల్ వాళ్ల రేటింగును బట్టి వస్తుంది. రిటెన్షన్ బోనస్ 60,000 అన్నది బాండ్ మొత్తం పూర్తి చేస్తే ఒకేసారి ఇచ్చేది, దాన్ని తెచ్చి మొదటి ఏడాది సీటీసీలో కలిపేశారు. అలా కలపడం మామూలే, కాకపోతే చూసేవాళ్లకు తెలియాలి.

రేణిగుంటది: గ్రాస్ 20,000. పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 0.75 శాతం అంటే 150, మన రాష్ట్రంలో ఈ జీతానికి వృత్తి పన్ను 150. చేతికి 17,900.

కాబట్టి నెల జీతంలో మీ మామయ్య అనుకునేంత తేడా లేదు. 23,500కి, 17,900కి మధ్య 5,600.

పుంగనూరు_పిల్లోడు

5,600 తేడా కూడా తేడాయే కదా అక్కా. ఏడాదికి 67 వేలు.

పేరోల్_పద్మ

మొదటి ఏడాది అంత కూడా రాదు పిల్లోడా. మూడు నెలలు స్టైపెండే. 45,000, ఆ తర్వాత తొమ్మిది నెలలు 23,500 చొప్పున 2,11,500. మొత్తం 2,56,500. రేణిగుంటలో పన్నెండు నెలలకు 2,14,800. తేడా 41,700.

చెల్లీ, బెంగళూరులో ఉండడానికి నెలకు ఎంతవుతుందో ఎవరినైనా అడిగావా?

బెంగళూరు_చిత్తూరోడు

అది నేను చెబుతా. ఇద్దరుండే గదిలో పీజీ, తిండితో కలిపి 9,500. బస్ పాస్, అప్పుడప్పుడు ఆటో కలిపి 1,500. పీజీలో ఆదివారం రాత్రి వండరు, కొన్ని రోజులు ఆ కూర నోట్లో పెట్టుకోలేం, బయట తిండికి 2,500. ఫోను, సబ్బులు, మందులు, చిల్లర 2,000. నెలకోసారి ఊరికి రానుపోను 1,600. మొత్తం 17,100. ఇది పొదుపుగా ఉండేవాడి లెక్క. చేరేముందు పీజీ అడ్వాన్సు అదనం.

అంటే మొదటి మూడు నెలలు 15,000 స్టైపెండ్‌తో నెలకు 2,100 తక్కువ పడుతుంది, ఇంటి నుంచి తెప్పించుకోవాలి. నేనూ అలాగే తెప్పించుకున్నా. అయినా నా మాట మారదు. ఏడాదికి ఎంత మిగిలిందని చూసి మొదటి ఉద్యోగం ఎంచుకోకూడదు.

మామిడితోట_చిత్తూరు

గ్రూప్స్ రాయండి సామీ. ప్రైవేటులో ఈ బాండ్లేంటి, ఈ గోలేంటి. మా తమ్ముడు సచివాలయంలో ఉన్నాడు, హాయిగా ఉన్నాడు.

కాళహస్తి_ఈసీఈ

నోటిఫికేషన్ వచ్చేదాకా ఇంట్లో కూర్చునే పరిస్థితి లేదండీ. కాలేజీ లోను కిస్తీ మొదలవబోతోంది.

లైన్3_రేణిగుంట

నేను రేణిగుంటలో ఎస్‌ఎంటీ లైన్లో, అంటే సర్క్యూట్ బోర్డుల మీద భాగాలు అతికించే లైన్లో, అయిదేళ్లుగా ఉన్నా. మీది మా కంపెనీనో పక్కదో తెలియదు, అడగను కూడా.

పద్మ గారి లెక్క నిజమే. చిత్తూరోడు అన్న మాట కూడా నిజమే, ఇక్కడ మూడేళ్లు ఒకే జీతం మీద ఉండిపోయినవాళ్లు నాకు తెలుసు. అయితే వాళ్లందరూ ఒకే పనిలో ఉండిపోయారు. అది ఏ పనో చెబుతా.

ప్లాంటులో ట్రైనీ ఇంజనీరుని మూడు చోట్లలో ఒకచోట వేస్తారు: ప్రొడక్షన్, ప్రాసెస్, టెస్ట్. పేరు అందరికీ జీఈటీయే, జీతం కూడా ఒకటే. ప్రొడక్షన్‌లో వేస్తే పొద్దున లైనుకు ఎంతమంది వచ్చారు, గంటకు ఎన్ని బోర్డులు పోయాయి, ఎవరు సెలవు పెట్టారు, ఇదే పని. ఈసీఈ చదివిన సంగతే మర్చిపోతారు. ప్రాసెస్‌లో వేస్తే బోర్డు ఎందుకు పాడవుతోందో వెతకడమే ఉద్యోగం.

ఒకసారి జరిగింది చెబుతా. మొదటి షిఫ్టులో మాత్రమే బోర్డుల మీద సోల్డర్ చిన్న చిన్న గుండ్లలా చెదిరి పడేది. ఓవెన్ ఉష్ణోగ్రతలు చూశాం, సరిగ్గానే ఉన్నాయి. ప్రింటర్ స్టెన్సిల్ తుడిపించాం, మార్పు లేదు. రెండో షిఫ్టులో అదే లైను, అదే బోర్డు, ఏ సమస్యా లేదు. నాలుగు రోజులయ్యాక కొత్తగా చేరిన ట్రైనీ ఒకడు రిజిస్టరు పట్టుకొచ్చాడు. సోల్డర్ పేస్టు డబ్బాలు ఫ్రిజ్‌లో పెడతాం, బయటకు తీశాక మూత తెరవకుండా దాదాపు నాలుగు గంటలు గది వేడికి రానివ్వాలి. పొద్దున షిఫ్టులో లైను త్వరగా మొదలుపెట్టాలన్న తొందరలో గంటకే తెరుస్తున్నారు. చల్లటి పేస్టు మీద తేమ పడుతోంది, ఓవెన్‌లో ఆ నీరు చిటపటమని సోల్డర్‌ని చెదరగొడుతోంది. డబ్బా మీద తీసిన టైము, తెరిచిన టైము రెండూ రాయాలని రూలు పెట్టాక ఆగిపోయింది. ఆ ట్రైనీ ఇప్పుడు చెన్నై దగ్గర ఇంకో కంపెనీలో ప్రాసెస్ ఇంజనీర్, జీతం ఇక్కడికి రెండింతలు పైనే.

కాబట్టి చెల్లీ, హెచ్‌ఆర్‌ని ఒకే ప్రశ్న అడుగు. నన్ను ఏ డిపార్ట్‌మెంటులో వేస్తారు, అది ఎవరు, ఎప్పుడు నిర్ణయిస్తారు? ప్రొడక్షన్ అని తేలితే నేనే బెంగళూరు వెళ్లమంటా.

బెంగళూరు_చిత్తూరోడు

లైన్3 అన్న అడిగిన ప్రశ్న నా వైపు కూడా వేయాలి. ఆ "అసోసియేట్ – ఆపరేషన్స్" అన్న మాట ఇప్పుడే సరిగ్గా చూశా. నేను డెవలప్‌మెంట్ అనుకుని మాట్లాడుతున్నా. ఇంటర్వ్యూలో కోడింగ్ పెట్టారా?

కాళహస్తి_ఈసీఈ

ఆప్టిట్యూడ్ పరీక్ష, గ్రూప్ డిస్కషన్, హెచ్‌ఆర్ రౌండ్. కోడింగ్ లేదు. నైట్ షిఫ్టు ఓకేనా అని మాత్రం రెండుసార్లు అడిగారు.

బెంగళూరు_చిత్తూరోడు

అయితే అది సపోర్ట్ ఉద్యోగమయ్యే అవకాశమే ఎక్కువ. కస్టమర్ల దగ్గర నుంచి టికెట్ వస్తుంది, రాసిచ్చిన పద్ధతి ప్రకారం చూస్తావు, నీ వల్ల కాకపోతే పై టీముకు పంపుతావు. అందులోంచి ఎదిగినవాళ్లు లేరని కాదు. లినక్స్, నెట్‌వర్కింగ్ ఉన్న సపోర్ట్ అయితే ఏడాదిలో బాగా నేర్చుకోవచ్చు. పాస్‌వర్డ్ రీసెట్లు, బిల్లింగ్ ఫిర్యాదులు అయితే రెండేళ్లయినా అదే. ట్రైనింగ్ మూడు నెలల్లో ఏం నేర్పుతారో సిలబస్ అడుగు. సిలబస్ పంపలేని కంపెనీ లక్షన్నర ట్రైనింగ్ ఖర్చు ఎలా చూపిస్తుంది?

నా మొదటి పోస్టు వెనక్కి తీసుకోవడం లేదు, కానీ అది డెవలప్‌మెంట్ ఉద్యోగానికి మాత్రమే.

లా_చదివినోడు_తిరుపతి

ఆ బాండ్ గురించి ఎవరూ భయపడక్కర్లేదు. 1872 కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ప్రకారం ఉద్యోగం చేసుకునే హక్కును ఆపే ఒప్పందం చెల్లదు. బెంగళూరులో చేరి, నచ్చకపోతే మానేసి వచ్చేయి. కోర్టులో నిలవదు.

పేరోల్_పద్మ

ఇక్కడ కొంచెం ఆగాలి సార్. సెక్షన్ 27 మీరన్నట్టే ఉంది, అయితే ఉద్యోగం మానేశాక ఇంకోచోట చేరకూడదని అడ్డుకునే షరతులకు అది పనికొస్తుంది. ఉద్యోగంలో ఉండగా ఇన్నేళ్లు చేస్తాను, లేదంటే ఇంత కడతాను అన్నది వేరే విషయం. 2025 మే నెలలో సుప్రీంకోర్టు విజయా బ్యాంక్ కేసులో ఇదే తేల్చింది. మూడేళ్లు చేయకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు అది. ఆ ఉద్యోగి కట్టి, తర్వాత కోర్టుకు వెళ్లాడు. షరతు చెల్లుతుందనే తీర్పు వచ్చింది.

లా_చదివినోడు_తిరుపతి

అది ప్రభుత్వ బ్యాంకు. మళ్లీ నోటిఫికేషన్ వేసి, పరీక్ష పెట్టి మనిషిని తీసుకోవాలి, ఖర్చవుతుంది, అందుకని ఒప్పుకున్నారు. ప్రైవేటు కంపెనీ సెక్షన్ 74 కింద సమంజసమైన పరిహారమే అడగగలదు. నష్టం చూపించకుండా లక్షన్నర మొత్తం ఇవ్వమంటే కోర్టు ఇవ్వాలని లేదు.

పేరోల్_పద్మ

అది ఒప్పుకుంటాను. మీరన్నది కోర్టు దాకా వెళ్తే జరిగేది. ఇరవై రెండేళ్ల పిల్లలు కోర్టు దాకా వెళ్లరు, కంపెనీ కూడా సాధారణంగా వెళ్లదు. రిలీవింగ్ లెటర్ ఆపుతుంది. తర్వాతి కంపెనీ అది అడుగుతుంది. ఆ ఉద్యోగమే చేయలేదని దాచిపెడదామంటే పీఎఫ్ ఖాతా నంబరు యూఏఎన్‌లో చేరిన తేదీ, పాత కంపెనీ పేరు కనిపిస్తాయి. ఏటా నా దగ్గరికి ఇలా ఇద్దరు ముగ్గురు వస్తారు, రెండు నెలలు తిరిగి చివరికి ఎంతో కొంత కట్టి లెటర్ తీసుకుంటారు.

ఇప్పుడు ఈ అమ్మాయి కాగితంలోనే లెక్క చూడండి. బాండ్ చేరిన రోజు నుంచి కాదు, ట్రైనింగ్ అయిన రోజు నుంచి. అంటే రెండేళ్ల బాండ్ నిజానికి 27 నెలలు. ఏడాదికి మానేయాలనిపిస్తే 1,50,000, దానిపైన 90 రోజుల నోటీసు. నోటీసు చేయకపోతే ఆ రోజుల జీతం పట్టుకుంటారు. 60,000 బోనస్ పోతుంది. మొదటి ఏడాది చేతికొచ్చేదే 2,56,500 అయితే, ఖర్చులు పోను మిగిలేది 51 వేలు. బాండ్ కట్టడానికి అది మూడో వంతుకు వస్తుంది అంతే. రేణిగుంటలో అదే పని తప్పు అనిపిస్తే నెల రోజుల నోటీసు, ఇంకేమీ లేదు.

చెల్లీ, ఒక ప్రశ్న మెయిల్‌లో అడుగు. ఏడాది చేసి మానేస్తే లక్షన్నర మొత్తం కట్టాలా, మిగిలిన నెలల మేరకు తగ్గుతుందా? ఫోన్‌లో అడగొద్దు.

ఏర్పేడు_అన్న

ఒరిజినల్ సర్టిఫికెట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నా మొదటి ఉద్యోగంలో చేరిన రోజే టెన్త్ మెమో, డిగ్రీ తీసుకుని బీరువాలో పెట్టారు, రెండు రోజుల్లో ఇస్తామన్నారు. పద్నాలుగు నెలలు ఇవ్వలేదు. ఆ మధ్యలో ఇంకో ఉద్యోగానికి సర్టిఫికెట్ వెరిఫికేషన్ పిలుపు వచ్చింది, ఒరిజినల్స్ చూపించలేక అది పోయింది. ఆ రోజు తిరుపతి బస్టాండులో కూర్చుని ఏడ్చాను, ఇప్పటికీ గుర్తుంది. ఎవరైనా చూపించమంటే చూపించండి, చేతికి ఇచ్చి రాకండి. జెరాక్సుల మీద సంతకం పెట్టి ఇవ్వండి.

కాళహస్తి_ఈసీఈ

అన్నా, బెంగళూరు వాళ్లు "ఒరిజినల్స్ సబ్మిట్ చేయాలి" అని రాశారు. వెరిఫికేషన్‌కి అనుకున్నాను. అదీ మెయిల్‌లో అడుగుతా.

చిత్తూరు_నాన్న

మా పాప కూడా ఈ ఏడాదే అయిపోయింది. ప్లాంట్లలో రాత్రి షిఫ్టులకు ఆడపిల్లల్ని వేస్తారా? బస్సు ఇంటి దగ్గర దింపుతుందా, మెయిన్ రోడ్డు మీదా?

లైన్3_రేణిగుంట

ఒక్కో కంపెనీ ఒక్కోలా ఉందండీ. మా దగ్గర లైన్లో పనిచేసేవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువ. బస్సు రూటు, ఎక్కే చోటు ముందే రాసిస్తారు. రాత్రి దిగే చోటు ఎక్కడో చేరేముందే ఒకసారి వెళ్లి చూసుకోండి. మా రూటులో ఒక చోట దిగాక అర కిలోమీటరు దీపాల్లేని దారి ఉండేది, అయిదారుగురు కలిసి రాసిస్తే స్టాపు మార్చారు.

ఇంకో మాట, ఇది చిత్తూరు నాన్నగారి పాపకు కూడా పనికొస్తుంది. ఆఫర్ లెటర్ ఏ కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉందో చూడండి. ప్లాంటు గేటు మీద ఒక పేరు, లెటర్ మీద మ్యాన్‌పవర్ ఏజెన్సీ పేరు ఉంటే అది కాంట్రాక్టు. అలాగే పీఎఫ్, ఈఎస్ఐ ఏదీ కోయకుండా స్టైపెండ్ అని మాత్రమే రాస్తే అది అప్రెంటిస్‌షిప్. ఏడాదయ్యాక ఉంచుకోవాలని వాళ్లకేమీ లేదు. కాళహస్తి చెల్లిది అప్రెంటిస్‌షిప్ కాదు, పీఎఫ్ ఉంది కాబట్టి ఉద్యోగమే; లెటర్‌హెడ్ మాత్రం తనే చూసుకోవాలి.

పుంగనూరు_పిల్లోడు

నేను ఒకటి చెప్పాలి. పై పోస్టులు చదివాక నా లెటర్ తీసి చూశా. ట్రైనీ అని ఉంది, స్టైపెండ్ 14,000, పీఎఫ్ లేదు, పన్నెండు నెలలు. ఇన్నాళ్లూ ఉద్యోగం అనుకుంటున్నా. ఊళ్లో అందరికీ స్వీట్లు కూడా పంచేశాం.

పేరోల్_పద్మ

అప్రెంటిస్‌షిప్ అంత చెడ్డదేం కాదు పిల్లోడా, ఆ పన్నెండు నెలల్లో ఏ మెషిను మీద పని నేర్పుతారో చూసుకో. చివర్లో సర్టిఫికెట్ ఇస్తారా, ఎంతమందిని ఉంచుకుంటారు అన్నది నిరుడు చేసినవాళ్లని అడుగు.

కాళహస్తి_ఈసీఈ

అప్‌డేట్. రెండు చోట్లకూ నిన్న పొద్దునే మెయిల్ పెట్టా.

బెంగళూరు హెచ్‌ఆర్ ముందు ఫోన్ చేశారు. "బాండ్ జస్ట్ ఫార్మాలిటీ అమ్మా, ఎవరినీ అడగం" అన్నారు. అదే మాట మెయిల్‌లో రాయమన్నాను. సాయంత్రం జవాబు వచ్చింది: లక్షన్నర మొత్తం కట్టాలి, నెలల మేరకు తగ్గదు. ఒరిజినల్స్ బాండ్ కాలం అంతా కంపెనీ దగ్గరే ఉంటాయి. సిలబస్ చేరాక ఇస్తారట. ప్రాజెక్టు వాయిస్ సపోర్టా వేరేదా అన్నది ట్రైనింగ్ అయ్యాక తెలుస్తుందట.

రేణిగుంట వాళ్లు ఈరోజు రాశారు. మొదటి మూడు నెలలు మూడు డిపార్ట్‌మెంట్లలో తలా ఒక నెల తిప్పుతారు, తర్వాత ప్లాంటు మేనేజర్ నిర్ణయిస్తారు. ఏ డిపార్ట్‌మెంటు అని ఇప్పుడే మాట ఇవ్వలేమన్నారు.

బెంగళూరు_చిత్తూరోడు

ఒరిజినల్స్ 27 నెలలు వాళ్ల దగ్గరా? అయితే ఈ ఆఫర్ వద్దు. బెంగళూరు వద్దని నేను అనడం లేదు, ఈ కాగితం వద్దు. రేణిగుంటలో చేరినా సాయంత్రాలు ఎంబెడెడ్ సీ వదిలిపెట్టకు, ఈసీఈ వాళ్లకు అటువైపు ఒక దారి ఉంది. ఏడాదిలోపల ప్రయత్నిస్తే పాసైన సంవత్సరం అడ్డు కూడా అంత ఉండదు.

లైన్3_రేణిగుంట

ప్లాంటు మేనేజర్ నిర్ణయిస్తారంటే ఆ మూడు నెలలు నీ చేతిలో ఉన్నట్టే చెల్లీ. ప్రాసెస్ నెలలో ఒక్క లోపాన్నయినా పట్టుకుని ఎక్కడ మొదలైంది, ఏం మార్చాక తగ్గింది అని నోటుబుక్కులో రోజువారీ రాసిపెట్టు. డిపార్ట్‌మెంట్లు పంచే రోజు అది తీసి చూపించు. అయినా ప్రొడక్షన్‌లోనే వేయొచ్చు, మనుషులు తక్కువైనప్పుడు అటే తోస్తారు. అది ముందే తెలుసుకుని వెళ్లు.

లా_చదివినోడు_తిరుపతి

ఒరిజినల్స్ అట్టిపెట్టుకుంటామని మెయిల్‌లో రాసిచ్చారా? ఆ మెయిల్ జాగ్రత్తగా దాచుకో అమ్మా. బాండ్ గురించి నా అభిప్రాయం నాదే, కానీ సర్టిఫికెట్ల విషయంలో ఏర్పేడు అన్న మాటే నాదీ.

మామిడితోట_చిత్తూరు

గ్రూప్స్‌కి మళ్లీ ఆలోచించు.

కాళహస్తి_ఈసీఈ

ఈ పోస్టులన్నీ రాత్రి నాన్నకు చదివి వినిపించా. 51 వేలు, లక్షన్నర అన్న దగ్గర ఆపి, ఆ లెక్క మళ్లీ చెప్పమన్నారు. కాగితం తెచ్చుకుని తనే వేసుకున్నారు. మామయ్య ఇంకా ఒప్పుకోలేదు.

రేణిగుంటకు ఒప్పుకుంటూ మెయిల్ పెట్టేశా. లైన్3 అన్నా, బస్సు పొద్దున 5:20కి మా ఊళ్లో ఆగుతుందట. మూడు డిపార్ట్‌మెంట్లలో ముందు ఏది కావాలో అడగనిస్తారా?

లైన్3_రేణిగుంట

అడగొచ్చు. టెస్ట్ ముందు అడుగు. అక్కడ ఏ బోర్డులు ఎందుకు తిరిగొస్తున్నాయో నెల రోజులు చూశాక ప్రాసెస్‌కి వెళ్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

పుంగనూరు_పిల్లోడు

పద్మక్కా, నా లెటర్‌లో అనెగ్జర్ అనే పేజీయే లేదు. ఒక్క పేజీనే ఇచ్చారు. సోమవారం చేరమన్నారు.

పేరోల్_పద్మ

ఇప్పుడే మెయిల్ పెట్టు, సోమవారం దాకా ఆగొద్దు. ఒప్పందం ఎవరి పేరు మీద, అప్రెంటిస్ రిజిస్ట్రేషన్ నంబరు ఏది, మానేయాలంటే ఎన్ని రోజుల నోటీసు. మూడూ అడుగు. జవాబు వచ్చాక ఇక్కడే పెట్టు, చూస్తా.